రెండిళ్ల దుప్పట్లు

బస్టాండు వెనక ఉన్న లాడ్జిలో ఆమెను అందరూ లాండ్రీ అక్క అనేవాళ్లు. మేనేజరు ఆమెకంటే పదిహేనేళ్లు పెద్దవాడు, అతను కూడా అక్కా అనే పిలిచేవాడు. మేడ మీద ముప్పై రెండు గదులు. పొద్దున్నే గదుల్లోంచి దుప్పట్లూ, తలగడ గలీబులూ మూటలుగా కట్టి మెట్ల మీంచి కిందికి దొర్లించేవాళ్లు. అవి దొర్లుకుంటూ వచ్చి ఆమె కాళ్ల దగ్గర ఆగేవి. విప్పి, మరకలున్నవి ఒక పక్క, లేనివి ఒక పక్క వేసి, మరకలున్నవాటికి ముందు సబ్బు రుద్ది నానబెట్టి, తర్వాత మిషన్లో వేసేది. టీ మరకేదో, మందు మరకేదో, తలనూనె మరకేదో చూపుతోనే చెప్పేది. వాటి మీద ఎవరు పడుకున్నారో మాత్రం ఆలోచించేది కాదు. "దుప్పటికి కథలుంటాయి గానీ, మనం వినకూడదు. వింటే ఉతకలేం," అని కొత్తగా పనిలో చేరినవాళ్లకి చెప్పేది.

ఆమె మొగుడు వైరింగ్ మేస్త్రి. మనిషి చెడ్డవాడు కాదు, నిలకడ లేనివాడు. ఒక బ్యూటీ పార్లర్‌కి లైట్లు బిగించడానికి వెళ్లి, ఆ లైట్లు రెణ్ణెల్ల దాకా బిగిస్తూనే ఉన్నాడు. తర్వాత ఒకరోజు బట్టలు సర్దుకుని వెళ్లి, నాలుగు వీధుల అవతల ఆ పార్లరమ్మాయితో కాపురం పెట్టాడు. కోర్టులూ కాగితాలూ ఏమీ లేవు. వెళ్లాడు, అంతే. అది జరిగి రెండేళ్లు.

వింతేమిటంటే అతని తల్లి అతనితో వెళ్లలేదు. "వాడికి పెళ్లాం మారిందేమో గానీ నాకు కోడలు మారలేదు," అని పీట వేసుకుని కోడలి ఇంట్లోనే కూర్చుంది. కొడుకుతో మాట మానేసింది. ఆవిడ నోరు గయ్యాళిదే, కానీ పక్కింటివాళ్లు కోడల్ని ఒక్క మాట అంటే ఆ నోరే అడ్డం పడేది. లాండ్రీ అక్క సాయంత్రం వచ్చేసరికి అన్నం వండి, కంచం బోర్లించి పెట్టేది. పుట్టింటివాళ్లు ఎవరూ లేని లాండ్రీ అక్కకి ఆ బోర్లించిన కంచమే పుట్టిల్లు.

వీళ్లిద్దరి మధ్య ఎనిమిదేళ్ల పిల్ల. రోజంతా కిచకిచమంటుందని నాయనమ్మ పిచ్చుక అని పిలిచేది. పిచ్చుక శనివారం మధ్యాహ్నం తండ్రి దగ్గరికి వెళ్లి ఆదివారం సాయంత్రం వచ్చేది. తండ్రి వీధి మొగలో బండి ఆపి హారన్ కొట్టేవాడు, పిల్ల పరిగెత్తేది. మొగుడూ పెళ్లాలు ఒకరి మొహం ఒకరు చూసుకోవలసిన పని ఉండేది కాదు.

ఆ దురద ముందు పిచ్చుకకే మొదలైంది. పగలంతా బాగానే ఉండేది. రాత్రి దుప్పటి కప్పుకుని వెచ్చబడగానే చేతివేళ్ల మధ్య, నడుం చుట్టూ గోక్కునేది. నిద్రలో కూడా గోళ్లు ఆగేవి కావు. కొబ్బరినూనె రాశారు. పౌడరు చల్లారు. మెడికల్ షాపు అతను ఒక ట్యూబు ఇచ్చాడు. అది రాసిన నాలుగు రోజులు ఎర్రదనం తగ్గింది, తర్వాత రెండింతలై తిరిగొచ్చింది. ఈలోగా అత్తగారికీ పట్టుకుంది.

"పిల్లకి దోమ కుట్టింది, నాకు వయసు కుట్టింది," అని నవ్వేసింది ముసలావిడ. కానీ రాత్రిపూట తలుపు గడియకేసి వీపు రుద్దుకోవడం లాండ్రీ అక్క చూసింది.

నెలన్నర గడిచేసరికి తనకీ మొదలైంది. ముప్పై రెండు గదుల పరాయి దుప్పట్లు రోజూ చేతులతో ఎత్తుతోంది కదా, అక్కణ్ణించి తనే ఇంటికి మోసుకొచ్చిందేమో! ఆ అనుమానంతో లాడ్జిలో ఎవరితోనూ చెప్పలేదు. చేతులకి రబ్బరు తొడుగులు వేసుకుంది. "ఏమిటక్కా, కొత్త పెళ్లికూతురిలా చేతులు దాచుకుంటున్నావు?" అని రూమ్‌బాయ్‌లు ఆటపట్టిస్తే నవ్వి ఊరుకుంది.

ఒక శుక్రవారం బడి నుంచి చీటీ వచ్చింది. పిల్ల ఒంటి మీద పొక్కులున్నాయి, డాక్టరుకి చూపించాకే పంపండి అని. ముగ్గురూ కలిసి వీధి చివరి ఆరోగ్య కేంద్రానికి వెళ్లారు.

డాక్టరమ్మ కుర్రది, కళ్లజోడు. పిచ్చుక చేతిని దీపం కిందికి లాగి వేళ్లు విడదీసి చూసింది. సన్నని దారం ముక్క చర్మం లోపల ఇరుక్కున్నట్టు ఒక గీత. మణికట్టు దగ్గర ఇంకో రెండు. నడుం చుట్టూ, బొడ్డు దగ్గర చిన్న చిన్న పొక్కులు. ముసలావిడ మణికట్టు చూసింది, లాండ్రీ అక్క వేళ్లు చూసింది.

"రాత్రిపూటే ఎక్కువా?"

"పడుకుంటే చాలు," అంది ముసలావిడ.

"గజ్జి అనిపిస్తోందండి," అంది డాక్టరమ్మ.

ముసలావిడ చివుక్కున లేచింది. "గజ్జా! మా ఇల్లు అద్దంలా ఉంటుందమ్మా. మా కోడలు ఊరందరి మురికీ వదలగొట్టే మనిషి."

"మురికి వల్ల కాదు మామ్మా. రోజుకి రెండుసార్లు స్నానం చేసేవాళ్లకీ వస్తుంది. కంటికి ఆనని పురుగు. చర్మంలో సొరంగం తవ్వుకుని గుడ్లు పెడుతుంది. ఒంటికి ఒళ్లు ఆనించి ఎక్కువసేపు ఉంటే ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది. ఒకే పక్క మీద పడుకునేవాళ్లకి ముందు."

లాండ్రీ అక్క అడిగింది. "నేను లాడ్జిలో దుప్పట్లు ఉతుకుతానండి. అక్కణ్ణించేనా?"

"దుప్పట్లు ఎత్తి మిషన్లో వేసినంత మాత్రాన రావడం అరుదు. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో కనిపెట్టలేం, కనిపెట్టినా లాభం లేదు. మొదటిసారి పట్టినప్పుడు నెల, నెలన్నర దాకా దురదే తెలియదు. ఆ లోపే పక్కవాళ్లకి అంటుతుంది. అందుకే దురద ఉన్నా లేకపోయినా, కలిసి ఉండేవాళ్లందరూ ఒకే రాత్రి మందు రాసుకోవాలి. ఒక్కరు మిగిలినా మళ్లీ మొదటికొస్తుంది." కాగితం మీద రాస్తూ అడిగింది. "ఇంట్లో ఎంతమంది?"

"ముగ్గురం," అంది లాండ్రీ అక్క.

"నేను నాన్న వాళ్లింట్లో కూడా పడుకుంటాను," అంది పిచ్చుక. "నాన్నకీ పిన్నికీ మధ్యలో. పాప నా పక్కనే."

పిన్ని. ఆ మాట పిల్ల నోట ఆమె వినడం అదే మొదలు. పాప పుట్టిందని తెలుసు, నాలుగు నెలలైందనీ తెలుసు. ఆ పక్క మీద ఎవరెవరు ఏ వరసలో పడుకుంటారో మాత్రం ఎప్పుడూ తెలుసుకోదలచుకోలేదు.

డాక్టరమ్మ కలం ఆపి, ముగ్గురి మొహాలూ చూసి మెల్లిగా అంది. "అయితే ఆ ముగ్గురూ కూడా. ఆరుగురు. ఇవాళే కబురు చెయ్యండి. పాపని ముందు నాకు చూపించమనండి, చంటిపిల్లలకి రాసే తీరు వేరు."

"సరేనండి," అంది లాండ్రీ అక్క.

మందులిచ్చే కిటికీ దగ్గర కాంపౌండరు చీటీ చూసి, "ఆరుగురికా?" అన్నాడు.

అత్తగారు పిల్లని తీసుకుని గేటు దాకా వెళ్లిపోయింది. వెనక ఎవరూ లేరు.

"ముగ్గురికి చాలు," అంది ఆమె.

ఆ రాత్రి ముగ్గురూ మెడ నుంచి అరికాళ్ల దాకా మందు రాసుకున్నారు. వేళ్ల సందులు, గోళ్ల కింద, చంకలు, బొడ్డు, ఏదీ వదల్లేదు. ముసలావిడకి తల మీద, చెవుల వెనక కూడా రాయమని చెప్పారు, రాసింది. చేతులు కడుక్కుంటే మళ్లీ రాసుకున్నారు. పొద్దున స్నానాలు చేసి, మూడు రోజుల్లో వాడిన బట్టలూ పక్కబట్టలూ అన్నీ మరిగే నీళ్లలో ముంచి ఉతికి ఎండలో ఆరేసింది. ఉతకడానికి వీల్లేని పిచ్చుక గుడ్డబొమ్మని ప్లాస్టిక్ సంచిలో కట్టి అటక మీద పెట్టింది. వారం తర్వాత మళ్లీ ఒకసారి రాసుకోవాలి. ఒక్క పనిలో కూడా వంక పెట్టడానికి లేదు. కబురు ఒక్కటే చెయ్యలేదు.

ఎందుకు చెయ్యలేదంటే ఆమె దగ్గర ఒక జవాబు లేదు, నాలుగున్నాయి. రెండేళ్లుగా మాట లేని మనిషికి ఫోన్ చేసి "మాకు గజ్జి" అని చెప్పడానికి నాలుక తిరగలేదు. చెబితే "లాడ్జి నుంచి తెచ్చి నా కూతురికి అంటించావు" అంటాడని భయం. ఆ పార్లరమ్మాయి నవ్వుతుందేమోనని రోషం. నాలుగోది ఆమె చాలాకాలం తనకి తాను కూడా చెప్పుకోలేదు. గోక్కోనీ, అనుకుంది. నా కాపురం మీద పడుకున్నవాళ్లు నాలుగు రోజులు గోక్కుంటే ఏం పోయింది?

ఆ శనివారం పిల్లకి జ్వరమని చెప్పి పంపలేదు. అత్తగారు అడిగింది. "వాడికి చెప్పావుటే?"

"చెప్పానత్తయ్యా."

రెండోవారం మందు రాసుకున్న మర్నాడు మేస్త్రి వీధి మొగలో కాదు, గుమ్మం ముందే హారన్ కొట్టాడు. "నా కూతుర్ని నాకు చూపించవా?" అని వీధంతా వినబడేలా అరిచాడు. పిచ్చుక అప్పటికే చెప్పులు వేసుకుని నిలబడింది. ఆమె పంపింది. ఆ పై శనివారమూ పంపింది. మధ్యలో బుధవారం పిల్ల మళ్లీ వేళ్ల సందులు గోక్కుంటూ కనబడింది. మందు పనిచేసినా దురద రెండు మూడు వారాలు ఉంటుందని డాక్టరమ్మ చెప్పింది కదా, అదే అయ్యుంటుందిలే అని సర్దిచెప్పుకుంది. మనసు సర్దుకోదలచుకుంటే దానికి సాకులు కరువా!

ఆ ఆదివారం పిచ్చుక చీకటి పడకుండానే వచ్చేసింది. పక్కింటావిడెవరో దింపి వెళ్లింది. పిల్ల కిచకిచ లేదు.

"పాపని ఆస్పత్రిలో పడేశారమ్మా. ఒంటినిండా చీముపొక్కులు. పాలు తాగట్లేదు, కాలిపోతోంది. సబ్బు పడలేదని నాన్న అంటున్నాడు. పిన్ని ఏడుస్తోంది."

లాండ్రీ అక్క చేతిలో మడత పెడుతున్న తువ్వాలు ఉంది. దాన్ని అలాగే పట్టుకుని నిలబడిపోయింది. అత్తగారు వంటింట్లోంచి వచ్చింది, కోడలి మొహం చూసింది. ఏళ్ల తరబడి ఒక కప్పు కింద ఉన్నవాళ్లకి వేరే మాటలక్కర్లేదు.

"నువ్వు చెప్పలేదు కదే," అంది.

"లేదత్తయ్యా."

ముసలావిడ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. గోడకి ఆనుకుని అలా కిందికి కూర్చుండిపోయింది. "పాపం, పసిగుడ్డు," అంది.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. తొక్కేశాక కడుక్కోవడానికైనా వెళ్లాలి. డాక్టరమ్మ రాసిన చీటీ చేతిలో పట్టుకుని లాండ్రీ అక్క ఆస్పత్రికి నడిచింది.

పిల్లల వార్డులో చివరి మంచం. పార్లరమ్మాయిని ఆమె దూరం నుంచి చాలాసార్లు చూసింది, ఎప్పుడూ కాటుక, జడ, ఇస్త్రీ మడత చెదరని బట్టలు. ఇప్పుడు మంచం అంచున కూర్చున్న మనిషి జుట్టు ముడి ఊడి వీపు మీద పడి ఉంది. ఇరవై నాలుగేళ్లకి మించి ఉండవు. పాప చేతులకి రెండు చిన్న సాక్సులు తొడిగి, మణికట్ల దగ్గర రిబ్బన్‌తో కట్టి ఉన్నాయి. కాలికి సూది, దానికి సెలైన్ గొట్టం. అరికాళ్ల నిండా పొక్కులు.

మేస్త్రి లేచి నిలబడ్డాడు. "నువ్వెందుకొచ్చావు?"

ఒకప్పుడు అతన్ని ఏమండీ అనేది. అది పోయాక ఇంకో పిలుపు కుదరలేదు. అందుకే అతన్ని దాటి, ఆ అమ్మాయితోనే మాట్లాడింది.

"ఇది సబ్బు కాదమ్మా. గజ్జి. నా కూతురికుంది, నాకుంది, మా అత్తగారికుంది. మీ ముగ్గుర్నీ కూడా అదే రోజు మందు రాసుకోమని డాక్టరు చెప్పింది. పాపని చూపించమంది. పదహారు రోజుల కిందట. నేను చెప్పలేదు."

పార్లరమ్మాయి చీటీ అందుకుంది. చదవలేదు. చీటీ పట్టుకున్న ఆ చేతుల వేళ్ల మధ్య అవే గీతలు, పైన రంగేదో పూసి కప్పి ఉన్నాయి.

"పార్లర్‌కి ఎవరూ రారని నేనూ దాచుకున్నాను," అంది చివరికి. "పాప గీరుకుంటోందని దాని చేతులు కట్టేశానక్కా. రాత్రంతా ఏడ్చేది. గారం చేస్తోందని ఇంకా బిగించి కట్టాను."

అక్కా అంది.

మేస్త్రికి కోపం అప్పుడు అందింది. "ఆ లాడ్జి కంపంతా మోసుకొచ్చి నా బిడ్డ మీద పోశావు! తెలిసి కూడా నోరు మూసుకున్నావంటే నువ్వు మనిషివేనా?"

సూది గొట్టం సరిచేస్తున్న నర్సు తలెత్తింది. "వార్డులో అరవకండి. ఎవరి నుంచి ఎవరికొచ్చిందో దేవుడికి కూడా తెలియదు, మీ చెయ్యి చూపించండి ముందు." అతని మణికట్టు తిప్పి చూసి, "ఇవి ఎన్నాళ్ల నుంచి?" అంది.

"రెణ్ణెల్లయింది. వైరింగ్ పనిలో సిమెంటు పడలేదేమో అనుకున్నాను," అని నసిగాడు.

"సరే, ఇక వాదన ఆపండి," అంది నర్సు, చీటీ తీసుకుని డాక్టరు దగ్గరికి వెళుతూ.

కానీ అతని మొదటి మాట నర్సు తీసుకుపోలేదు. ఆ మాటలో సగం తప్పు, సగం నిజం. తప్పు సగాన్ని నర్సు కొట్టేసింది. నిజం సగం లాండ్రీ అక్కకి మిగిలింది.

పిల్లల డాక్టరు వచ్చి పాప అరచేతులూ అరికాళ్లూ భూతద్దంతో చూశాడు. గజ్జేనన్నాడు. గోకుళ్లకి చర్మం చీలి, దాంట్లో చీము పట్టి జ్వరం వచ్చిందనీ, చీముకి సూదిమందు సాగుతుందనీ చెప్పాడు. ఆ రాత్రే పాపకి నర్సు తల మీద, మొహం మీద కూడా, కళ్లూ నోరూ వదిలి, పల్చగా మందు రాసింది. ఇంట్లో మిగిలినవాళ్లందరూ అదే రాత్రి. ఈసారి కిటికీ దగ్గర లాండ్రీ అక్కే నిలబడి పెద్దవాళ్ల మందు మొత్తం తీసుకుంది. తమ ఇంటి మందు తను పట్టుకుని, మిగిలింది మేస్త్రి చేతిలో కాదు, పార్లరమ్మాయి చేతిలో పెట్టింది.

"రేపు పొద్దున స్నానం చేశాక మీ పక్కబట్టలన్నీ మా ఇంటికి పట్రా. ఇంట్లో పెద్ద బాన ఉంది, పెరట్లో ఎండుంది. నీకు ఇప్పుడు ఇదొకటి కుదరదు."

"మీ ఇంటికా?"

"దుప్పట్లే కదా," అంది.

మర్నాడు లాడ్జిలో సెలవు పెట్టింది. పొద్దున్న ఎనిమిదింటికి పాప దగ్గర మేస్త్రిని కూర్చోబెట్టి, పార్లరమ్మాయి రెండు మూటలతో ఆటో దిగింది. గుమ్మంలో ముసలావిడ నిలబడి ఉంది. ఇద్దరూ ఎదురుపడడం అదే మొదటిసారి. ఆ పిల్ల వంగి మూట దించి అలాగే తల వంచుకుని నిలబడింది.

"జ్వరం తగ్గిందా?" అంది ముసలావిడ.

"తెల్లారి తగ్గిందండి. కాసిని పాలు తాగింది."

"ఊ. లోపలికి రా. చెప్పులు వదిలి."

పెరట్లో కట్టెల పొయ్యి మీద బాన పెట్టి నీళ్లు మరిగించారు. లాండ్రీ అక్క మూట విప్పింది. ఇరవై ఏళ్ల అలవాటు, మొదట మరకల కోసం చూసింది. చిన్న దుప్పటి మీద పాలు కక్కిన మరక. నాలుగు గలీబులు. ఒకదాని మీద తలనూనె, ఆ వాసన ఎవరిదో చెప్పక్కర్లేదు. ఒక దాని మీద కాటుక. ఒకటి చిన్నది, దాని మూల పిచ్చుక పేరు రంగుదారంతో కుట్టి ఉంది. పాతచీర మడతల్లో పాప కోసం కుట్టిన పొత్తిగుడ్డలు పద్దెనిమిది, అంచులు ఓపిగ్గా మడిచి కుట్టినవి.

ఇన్నాళ్లూ అక్కడ ఉన్నది ఒక మోసం అనుకుంటూ వచ్చింది. మొగుడు కొన్నాళ్లు దారి తప్పిన చోటు అనుకుంది. ఇప్పుడు చూస్తే అది ఇల్లు. తన కూతురికి అక్కడ పేరు కుట్టిన తలగడ ఉంది. పరాయివాళ్ల దుప్పట్ల కథలు వినకూడదని అందరికీ చెప్పిన మనిషికి, ఈ దుప్పట్లు చెవి దగ్గర నోరు పెట్టి చెప్పినట్టు చెప్పాయి. అతనిక రాడు.

"ఏమైందక్కా?"

"పొగ," అంది. అన్నీ ఎత్తి మరిగే నీళ్లలో వేసింది.

కర్రతో తిప్పింది. రెండిళ్ల బట్టలూ ఒకే బానలో పైకీ కిందికీ మునిగితేలాయి. ఉతికాక పెద్ద దుప్పట్లు పిండడానికి ఒక్కరి బలం చాలలేదు. ఒక కొస ఆమె, ఒక కొస ఆ పిల్ల. ఈమె ఒక వైపుకి మెలిపెడితే ఆమె దానికి ఎదురు వైపుకి మెలిపెట్టాలి, లేకపోతే నీళ్లు దిగవు. మొదట ఇద్దరూ ఒకే వైపు తిప్పారు, దుప్పటి ఉత్తినే గిర్రున తిరిగింది. ఇంకో రోజైతే నవ్వు వచ్చేది. ముసలావిడ అరుగు మీంచి కసిరింది. "ఎదురెదురుగా తిప్పండే. అంత మాత్రం తెలియదూ ఇద్దరికీ?"

తిప్పారు. నీళ్లు ధారగా కారాయి.

ఆరేస్తుండగా ఆ పిల్ల అంది, "మీరు వచ్చి చెప్పకపోతే ఇంకా సబ్బులే మారుస్తూ ఉండేవాళ్లం."

"ముందే చెప్పి ఉంటే పాపకి సూది పడేది కాదు," అంది లాండ్రీ అక్క. "నన్ను మంచిదాన్ని చెయ్యకు. మోయలేను."

ఆ పిల్ల తడిచేతుల్తో ఖాళీ మూటగుడ్డ మడిచి, "పాప లేస్తుంది," అని వెళ్లిపోయింది. సాయంత్రం ఆరిన బట్టలు లాండ్రీ అక్కే మడిచింది, లాడ్జిలో మడిచినట్టు, అంచుకి అంచు. నాలుగు గలీబులు, ఆరు దుప్పట్లు, పద్దెనిమిది పొత్తిగుడ్డలు. అత్తగారు ఆ మూట తనే ఆస్పత్రికి తీసుకెళతానంది.

"మీరెందుకత్తయ్యా, అంత దూరం?"

"చూసొస్తానే. ఎంతైనా రక్తం."

పాప ఐదురోజులకి ఇంటికొచ్చింది. వారానికి ఆరుగురూ మళ్లీ అదే రాత్రి మందు రాసుకున్నారు, మర్నాడు మళ్లీ ఉతుకుళ్లు. ఈసారి ఎవరి బట్టలు వాళ్లే ఉతుక్కున్నారు. దురద వెంటనే పోలేదు. చచ్చిన పురుగుల మీద కూడా ఒంటికి కోపం చల్లారదని డాక్టరమ్మ చెప్పింది. మూడో వారానికి రాత్రుళ్లు నెమ్మదించాయి. నెల తిరిగేసరికి అందరికీ తగ్గిపోయింది. పాప అరికాళ్ల మీద కొన్ని నల్లమచ్చలు మిగిలాయి, అవీ పల్చబడుతున్నాయని పిచ్చుక ప్రతి ఆదివారం చెప్పేది. ఆమె అడక్కుండానే చెప్పేది.

ఆ మూట తీసుకెళ్లిన రోజు అత్తగారు చీకటి పడ్డాక తిరిగొచ్చింది. రెండోసారి వెళ్లినప్పుడు మర్నాడు వచ్చింది. పార్లరమ్మాయికి తల్లి లేదు. చంటిపిల్లకి స్నానం చేయించడం రాదు, పార్లర్ తెరిస్తే బిడ్డని పట్టుకునే మనిషి లేదు. ముసలావిడ వెళ్లడం రెండు పూటలై, మూడు రోజులై, ఒకరోజు తన చీరలు సంచిలో పెట్టుకుంటూ ఉండగా లాండ్రీ అక్క పనినుంచి వచ్చింది.

"నీకు రెక్కలొచ్చాయే. పిల్ల కూడా ఎదిగింది," అంది ముసలావిడ, చీర మడత మీదే చూపు పెట్టి. "ఆ గుడ్డుకి ఎవరూ లేరు."

"కబురు చెయ్యనందుకేనా అత్తయ్యా?"

ముసలావిడ చప్పున తల ఎత్తింది. కాదు అనడానికి నోరు తెరిచింది. ఇన్నేళ్లలో కోడలితో అబద్ధమాడని మనిషి. తెరిచిన నోరు మళ్లీ మూసుకుంది.

"నీ మీద కోపం లేదే అమ్మాయ్. కానీ నిన్ను చూసినప్పుడల్లా ఆ సాక్సులు గుర్తొస్తున్నాయి. కొన్నాళ్లు పోనీ."

ఆటో దాకా సంచి లాండ్రీ అక్కే మోసింది. ఆవిడ ఎక్కి కూర్చున్నాక మోకాళ్ల నొప్పుల నూనె సీసా మర్చిపోయిందని లోపలికి పరిగెత్తి తెచ్చి ఇచ్చింది. "రాత్రి పడుకోబోయే ముందు రాయమనండి ఆ అమ్మాయిని. వేడిచేసి," అంది. ముసలావిడ ఆమె చెయ్యి పట్టుకుని, వేళ్లు విడదీసి, సందుల్లో ఒక్కసారి చూసింది. చర్మం నున్నగా ఉంది. "మానిపోయింది," అంది. ఆటో కదిలింది.

కొన్నాళ్లు అన్నది ఏడాది దాటింది. ముసలావిడ నెలకోసారి వస్తుంది, గంట కూర్చుంటుంది, పాప నడుస్తోందనీ పళ్లొచ్చాయనీ చెబుతుంది, చీకటి పడకముందే లేస్తుంది. మేస్త్రి ఇప్పుడు గుమ్మం దాకా వచ్చి పిల్లని తీసుకెళతాడు, హారన్ కొట్టడు. పిచ్చుకకి తలలో పేలు పడినా, గొంతు నొప్పి వచ్చినా లాండ్రీ అక్క ఆ పూటే పార్లరమ్మాయికి ఫోన్ చేస్తుంది. మాటలు రెండే ఉంటాయి. ఇలా ఉంది, చూసుకో. సరే అక్కా.

శనివారాల్లో లాడ్జిలో రెండో షిఫ్టు కూడా అడిగి తీసుకుంది. డబ్బు అవసరమేమోనని మేనేజరు అనుకున్నాడు. ఆమె కాదనలేదు. పిల్ల లేని ఇంట్లో, వంట చేసి పెట్టే మనిషి లేని ఇంట్లో, ఒక్కదానికి అన్నం వండుకోవడం ఆమెకి ఇంకా చేతకాలేదు.